200 ఇళ్ళు తిరిగితే చేతికొచ్చేది ఎన్ని ఇళ్ళ సమాచారం? క్లస్టర్ సర్వే లెక్క ఇలా వేయాలి

మా పక్క ఫ్లాట్‌లో ఉండే అనంతపురం అమ్మాయి ఇక్కడ బెంగళూరులో సోషల్ వర్క్ పీజీ చదువుతోంది. ప్రాజెక్టు కోసం మహదేవపుర వైపు 10 వీధులు ఎంచుకుని, వీధికి 20 ఇళ్ళ చొప్పున 200 ఇళ్ళు తిరిగింది. అసలు ప్రశ్న ఒక్కటే: "పోయిన నెలలో ట్యాంకర్ నీళ్ళు కొన్నారా?" సగం మంది కొన్నామన్నారు. "50 శాతం, అటూ ఇటూ 7 శాతం తేడాతో" అని రిపోర్టులో రాసి నా దగ్గరికి తెచ్చింది.

"అంకుల్, 200కి ఫార్ములా వేస్తే 7 వచ్చింది. కరెక్టే కదా?"

ఫార్ములా కరెక్టే. అందులో వేసిన 200 దగ్గరే చిక్కు. ఆమె సర్వేలో ఉన్న సమాచారం సుమారు 30 ఇళ్ళకు సరిపడేంతే. ఆ 30 ఎలా వస్తుందో, మీ సర్వేకి మీరే ఎలా లెక్కగట్టుకోవాలో ఆమె అంకెలతోనే చెబుతాను. లెక్క సులువుగా కుదరడానికి వాటిని కాస్త సర్దాను.

ముందు, ఇళ్ళు ఎందుకు "తగ్గుతాయి"

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. ఒకే గిన్నె, ఒకే నీళ్ళు, ఒకే మంట కాబట్టి చాలు. అదే గిన్నెలో ఇంకో ఇరవై మెతుకులు పట్టి చూసినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు. పక్కింటివాళ్ళ అన్నం సంగతి తెలియాలంటే పక్కింటికే వెళ్ళాలి.

బెంగళూరులో నీళ్ళ విషయంలో వీధి అలాంటి గిన్నె. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల ప్రాంతాలకు నీళ్ళివ్వడానికే కావేరి అయిదో దశ పెట్టారు. అది 2024 అక్టోబరులో మొదలైంది. అయితే పైపు వీధి వీధికీ విడిగా రావాలి. మెయిన్ లైన్ పడిన వీధిలో చాలా ఇళ్ళకు ట్యాంకర్ అవసరం తగ్గుతుంది, పడని వీధిలో బోరు ఎండితే అందరిదీ దాదాపు ఒకటే గతి. అందుకే ఒక వీధిలో నాలుగిళ్ళు అడిగేసరికి అయిదో ఇంటి జవాబు సగం ఊహించవచ్చు. ఊహించగలిగిన జవాబులో కొత్త సమాచారం తక్కువ. సర్వే భాషలో ఇలా గుంపుగా ఎంచుకున్న వీధినే క్లస్టర్ అంటారు.

ఈ పోలికని కొలిచే అంకె పేరు ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్. పొట్టిగా ఐసీసీ అంటారు, ఫార్ములాల్లో ρ అని రాస్తారు (పలకడం "రో"). జవాబుల్లో ఉన్న మొత్తం తేడాలో ఎంత భాగం వీధికీ వీధికీ మధ్య ఉందో ఇది చెబుతుంది. ఒకే వీధిలోని రెండిళ్ళు ఊరికి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి ఉన్న ఇళ్ళకంటే ఎక్కువగా పోలి ఉండకపోతే ρ సున్నా. వీధి మొత్తానిదీ ఒకే జవాబైతే ρ ఒకటి.

వీధి కోడ్ రాసుకున్నారా?

లెక్కకి కావలసింది రెండే కాలమ్‌లు: జవాబు, ఆ ఇల్లు ఏ క్లస్టర్‌లోది అనే కోడ్. రెండోది చాలామంది మరిచిపోతారు. నేను మొదటిసారి ఇలాంటి సర్వేలో చేయి పెట్టినప్పుడు ఫోన్ ఫారంలో పిన్‌కోడ్ ఒక్కటే అడిగాం. ఒక పిన్‌కోడ్ కింద ఎన్నో వీధులుంటాయి. ఇంటికొచ్చాక ఏ జవాబు ఏ వీధిదో విడదీయలేకపోయాం, ρ లెక్కే వేయలేకపోయాం. ఫారంలో మొదటి ప్రశ్న వీధి కోడే ఉండాలి, అది కూడా సర్వే చేసేవాళ్ళు టైప్ చేసేది కాకుండా జాబితాలోంచి ఎంచుకునేది. టైప్ చేయమంటే ఒకే వీధికి మూడు స్పెల్లింగులు వస్తాయి, కంప్యూటర్ దాన్ని మూడు వీధులనుకుంటుంది.

ఏది క్లస్టర్ అన్న సందేహం వస్తే, మీరు ముందుగా దేన్ని ఎంచుకున్నారో గుర్తు చేసుకోండి. మొదట వీధుల్ని, తర్వాత వాటిలో ఇళ్ళని, ఇంట్లో ఇద్దరు ముగ్గుర్ని అడిగి ఉంటే, లెక్కలో క్లస్టర్ వీధే. ఇంట్లోవాళ్ళ మధ్య పోలిక కూడా వీధి లెక్కలోకే వచ్చేస్తుంది.

ρ లెక్క

పది వీధుల్లో "కొన్నాం" అన్న ఇళ్ళు ఇవి, ప్రతి వీధిలో 20కి:

```
18  16  15  13  12  10  8  5  2  1
```

మొత్తం 100, అంటే 200లో సగం. ఒక వీధిలో 90 శాతం కొన్నారు, ఇంకో వీధిలో 5 శాతం. ఫార్ములా జోలికి వెళ్ళకముందే ఈ వరుసని ఒకసారి కళ్ళతో చూడండి. వీధి ప్రభావం ఏమీ లేకపోతే అన్ని వీధుల్లోనూ 10కి అటూ ఇటూ, అంటే ఎక్కువగా 6కీ 14కీ మధ్యనే పడేవి. 18, 1 లాంటివి దాదాపు రావు.

ఇప్పుడు తేడాని రెండు ముక్కలు చేయాలి. మొదటిది వీధుల మధ్య తేడా. ప్రతి వీధి శాతాన్ని భిన్నంగా రాసి (0.90, 0.80, 0.75...), దాంట్లోంచి మొత్తం సగటు 0.50 తీసేసి, వర్గం చేసి కూడితే 0.78 వస్తుంది. దాన్ని వీధికి ఉన్న ఇళ్ళతో, అంటే 20తో గుణించి, వీధుల సంఖ్యలో ఒకటి తగ్గించిన 9తో భాగించండి:

```
MSB = 20 × 0.78 / 9 = 1.733
```

రెండోది వీధి లోపలి తేడా. అవును, కాదు అనే జవాబులకి ఇది తేలిక: వీధి భిన్నాన్ని p అనుకుని, ప్రతి వీధిలో p(1−p)ని 20తో గుణించి, పది వీధులవీ కూడాలి. 34.4 వస్తుంది. దీన్ని 200−10, అంటే 190తో భాగించండి:

```
MSW = 34.4 / 190 = 0.181
```

ఈ రెండింటినీ కలిపితే ρ:

```
ρ = (MSB − MSW) / (MSB + (m−1) × MSW)
  = (1.733 − 0.181) / (1.733 + 19 × 0.181)
  = 0.30
```

ఇక్కడ m అంటే వీధికి ఎన్ని ఇళ్ళు అనేది, మన దగ్గర 20. జవాబు అవును/కాదు కాకుండా లీటర్లు, రూపాయలు లాంటి అంకె అయినా ఇదే పద్ధతి. అప్పుడు p(1−p) బదులు ప్రతి ఇంటి అంకెకీ ఆ వీధి సగటుకీ ఉన్న తేడాని వర్గం చేసి కూడాలి.

డిజైన్ ఎఫెక్ట్, ఆపైన అసలు సంఖ్య

ఇళ్ళని గుంపులుగా ఎంచుకోవడం వల్ల మన సగటులో ఊగిసలాట, అంటే దాని వేరియన్స్, ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పేది డిజైన్ ఎఫెక్ట్. సర్వేల లోకంలో ఈ మాట స్థిరపడటానికి ముఖ్య కారణం గణాంకవేత్త లెస్లీ కిష్.

```
deff  = 1 + (m−1) × ρ = 1 + 19 × 0.30 = 6.7
n_eff = 200 / 6.7 = 29.8
```

ఈ 29.8 ఎఫెక్టివ్ శాంపిల్ సైజ్. మహదేవపుర వైపు ఇళ్ళ జాబితా మొత్తం మీ చేతిలో ఉండి, చిట్టీలు తీసినట్టు ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి చొప్పున ఓ 30 ఇళ్ళు ఎంచుకుని అడిగి ఉంటే వచ్చే కచ్చితత్వమే ఈ 200 ఇళ్ళు ఇచ్చాయి.

ఆర్ వాడేవాళ్ళకి ఇదంతా కొన్ని వరుసల పని:

```r
yes <- c(18,16,15,13,12,10,8,5,2,1)
m <- 20; k <- length(yes); p <- yes/m
msb <- m*sum((p-mean(p))^2)/(k-1)
msw <- sum(m*p*(1-p))/(k*(m-1))
rho <- (msb-msw)/(msb+(m-1)*msw)
deff <- 1+(m-1)*rho
round(c(rho, deff, k*m/deff), 2)
```

0.30, 6.70, 29.85 వస్తే మీరు సరిగ్గా టైప్ చేసినట్టే.

లెక్క తప్పలేదని తెలుసుకోవడానికి నేనెప్పుడూ ఒక అడ్డదారి పరీక్ష చేస్తాను. ఇళ్ళని మరిచిపోయి, పది వీధుల శాతాలే పది అంకెలనుకోండి. వాటి వేరియన్స్ 0.78/9, అంటే 0.0867. దాన్ని 10తో భాగించి వర్గమూలం తీస్తే 0.093. n_eff దారిలో మొత్తం సగటు p(1−p)ని, అంటే 0.25ని 29.8తో భాగించి వర్గమూలం తీస్తే 0.092. రెండూ దాదాపు కలిశాయి. కొసరు తేడా వీధులు పదే ఉండటం వల్ల వచ్చింది. ఈ రెండూ బొత్తిగా కలవకపోతే ఎక్కడో వీధి కోడ్ తారుమారైందని అనుమానించాలి.

ఇప్పుడు "అటూ ఇటూ" ఎంత? ఇక్కడ ఇంకో మెట్టు ఉంది. అలవాటుగా 1.96తో గుణించేస్తాం. కానీ తేడాని కొలిచింది పది వీధుల నుంచి కాబట్టి, t పట్టికలో 9 దగ్గర చూడాలి. అక్కడ 2.26 ఉంటుంది. 2.26 × 0.093 అంటే 21 శాతం. ఆ అమ్మాయి 43 నుంచి 57 మధ్య అని రాసింది. నిజానికి రాయవలసింది 29 నుంచి 71 మధ్య అని.

ఆమె మొహం వాడిపోయింది. "ఇంకో 200 ఇళ్ళు తిరిగితే సరిపోతుందా అంకుల్?" అంది.

ఇంకో 200 ఇళ్ళు ఎక్కడ తిరగాలి?

అవే పది వీధుల్లో వీధికి 40 చొప్పున చేస్తే m 40 అవుతుంది. deff = 1 + 39 × 0.30 = 12.7. మొత్తం 400 ఇళ్ళు, 12.7తో భాగిస్తే 31.5. ఇంకో 200 ఇళ్ళ తలుపులు తట్టినందుకు దక్కేది రెండిళ్ళ సమాచారం కూడా కాదు! ఊరంతా కదిలొచ్చి ఆ పది వీధుల్నే అడిగినా 10/0.30, అంటే 33 దాటదు. వీధుల సంఖ్యని ρతో భాగిస్తే వచ్చేదే ఆ సర్వేకి పైకప్పు. సర్వే మొదలుపెట్టకముందే ఈ ఒక్క భాగాహారం చేసి చూసుకుంటే చాలా కాళ్ళనొప్పులు తప్పుతాయి.

అదే 200 ఇళ్ళని 20 వీధుల్లో పదేసి చొప్పున పరిస్తే deff 3.7, n_eff 54. 40 వీధుల్లో అయిదేసి చొప్పున అయితే deff 2.2, n_eff 91. ఇళ్ళు పెరగలేదు, వీధులు పెరిగాయి.

కానీ వీధి మారడం ఊరికే అవుతుందా? ఈ ట్రాఫిక్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి వర్తూరు వెళ్ళడమే ఒక పూట పని అని మీరనొచ్చు. నిజమే, అందుకే సమయాన్ని కూడా లెక్కలో పెట్టాలి. కొత్త వీధికి చేరి, గేటు దగ్గర వాచ్‌మన్‌ని ఒప్పించి మొదలుపెట్టడానికి గంట, ఒక ఇంట్లో అడగడానికి 15 నిమిషాలు పడుతుందనుకుందాం. వీధి ఖర్చు ఇంటి ఖర్చుకి 4 రెట్లు. అప్పుడు వీధికి ఎన్ని ఇళ్ళు అడగడం లాభమో ఇది చెబుతుంది:

```
m = √( 4 × (1−ρ)/ρ ) = √( 4 × 0.70/0.30 ) ≈ 3
```

ఆమె 200 ఇళ్ళకి 50 గంటలు, 10 వీధులకి 10 గంటలు, మొత్తం 60 గంటలు పెట్టింది. వీధికి మూడే ఇళ్ళు అడిగితే ఒక వీధికి 105 నిమిషాలు. 60 గంటల్లో 34 వీధులు, 102 ఇళ్ళు అవుతాయి. deff 1.6, n_eff 64. అదే సమయం, సగం ఇళ్ళు, రెట్టింపు సమాచారం. ఇది చూపించినప్పుడు ఆమె కాసేపు మాట్లాడలేదు. "అంటే ఎండలో అన్ని తలుపులు తట్టింది వేస్టా?" అంది తర్వాత. వేస్టేమీ కాదు, ρ ఎంతో తెలిసింది ఆ ఇళ్ళ వల్లే. వచ్చే సర్వే ప్లాన్‌కి అది కావాలి.

తప్పులు ఎక్కడ దొర్లుతాయి

అన్నిటికంటే మామూలు తప్పు, ఒక ప్రశ్నకి లెక్కగట్టిన డిజైన్ ఎఫెక్ట్‌ని సర్వే మొత్తానికీ అంటించడం. ρ సర్వేది కాదు, ప్రశ్నది. అదే సర్వేలో "ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా" అని అడిగి ఉంటే అది పైపు లైన్‌ని బట్టి మారదు. దాని ρ 0.02 అనుకుంటే deff 1.38, అవే 200 ఇళ్ళు 145 ఇళ్ళకి సమానం. ఇంకో చివరన, అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ తరఫున ట్యాంకర్ తెప్పిస్తే ఫ్లాట్లన్నిటిదీ ఒకే జవాబు. అక్కడ ρ ఒకటి, ఒక్కో అపార్ట్‌మెంట్ ఒక్క ఇల్లే. వాచ్‌మన్‌ని అడిగి తెలుసుకునేదానికి 20 ఫ్లాట్ల బెల్లు కొట్టక్కర్లేదు. కాబట్టి ముఖ్యమైన ప్రతి ప్రశ్నకీ విడిగా ρ వేయండి.

రెండోది, "డిజైన్ ఎఫెక్ట్ 2 అనుకుంటే చాలు" అనే అలవాటు. ఇది పిల్లల టీకాల సర్వేల నుంచి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచారంలోకి తెచ్చిన పాత పద్ధతిలో 30 క్లస్టర్లు, ఒక్కో దాంట్లో 7 మంది పిల్లలు. అక్కడ 2 అంటే ρ 1/6 అని అర్థం. అదే ρతో క్లస్టర్‌కి 20 మందిని తీసుకుంటే deff 4 దాటుతుంది. 2 అనే అంకెని అరువు తెచ్చుకోకండి, తెచ్చుకుంటే ρని తెచ్చుకుని మీ m వేసుకోండి.

వీధికి సమానంగా ఇళ్ళు దొరకకపోతే సగటు m వాడితే నష్టాన్ని తక్కువ చేసి చూపించినట్టు అవుతుంది. ప్రతి వీధి ఇళ్ళ సంఖ్యని వర్గం చేసి కూడి, మొత్తం ఇళ్ళతో భాగించి, m స్థానంలో దాన్ని వేయండి. అయిదు వీధుల్లో 10, అయిదింట్లో 30 దొరికాయనుకోండి. సగటు 20యే, కానీ ఈ లెక్కలో 25 వస్తుంది. ρ అదే 0.30 అయితే deff 8.2, n_eff 24కి పడిపోతుంది.

కొన్నిసార్లు ρ మైనస్‌లో వస్తుంది. కంగారు పడక్కర్లేదు. క్లస్టర్లు తక్కువగా ఉండి అసలు ρ సున్నాకి దగ్గరగా ఉంటే అలా రావడం మామూలే. దాన్ని సున్నా అనుకోండి. నా 200 ఇళ్ళు 230తో సమానమని మాత్రం రాయకండి.

ఇంకో మాట, పది వీధుల నుంచి వచ్చిన 0.30 కూడా అంచనాయే. ఇలాంటి డేటాకి 95 శాతం హద్దులు వేస్తే ఉజ్జాయింపుగా 0.15 నుంచి 0.6 దాకా వస్తాయి. అంటే n_eff 52 కావచ్చు, 16 కావచ్చు. కొత్త సర్వే ప్లాన్ చేసేటప్పుడు నేనైతే మధ్య అంకెతో ఆగకుండా పై అంకెతో కూడా ఒకసారి లెక్క వేసి చూస్తాను.

చివరిది కాస్త మోసకారి. ఒక్కో వీధికి ఒక్కో మనిషిని పంపితే, వీధి ప్రభావమూ అడిగిన మనిషి ప్రభావమూ కలిసిపోతాయి. కన్నడ సరిగా రాని మన తెలుగు కుర్రాడు ఒక వీధికి వెళ్ళి ప్రశ్నని వేరేగా అడిగాడనుకోండి, ఆ వీధి మొత్తం వేరేగా కనిపిస్తుంది. ρ పెరుగుతుంది, కారణం నీళ్ళు కాదు. కనిపెట్టాలంటే ప్రతి వీధిలో ఇళ్ళని ఇద్దరికి పంచి, ఎవరు అడిగారో ఇంకో కాలమ్‌లో రాయాలి. ఒకే వీధిలో ఇద్దరి శాతాలూ పదే పదే ఒకే వైపు తేడాగా వస్తుంటే తప్పు వీధిలో లేదు.

ఆ అమ్మాయి రిపోర్టులో పాత వాక్యం కొట్టేసి ఇలా రాసుకుంది: "10 వీధుల్లో 200 ఇళ్ళను అడగగా 50 శాతం ట్యాంకర్ నీళ్ళు కొన్నామన్నారు (95 శాతం హద్దులు 29 నుంచి 71, ఐసీసీ 0.30, డిజైన్ ఎఫెక్ట్ 6.7, ఎఫెక్టివ్ శాంపిల్ సైజ్ 30)." గైడ్ మేడమ్ మార్జిన్ ఇంత పెద్దదేమిటని అడిగితే, పైన ఉన్న పది అంకెల వరుసని చూపించమన్నాను.